లాభనష్టాల ఖాతా ఫోటో ఒకటే, స్థూల లాభ శాతాలు మాత్రం మూడు వస్తున్నాయి

రేవు వీధి (మొదటి ప్రశ్న)

మా బావగారు, ఆయన స్నేహితుడు కలిసి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర బోట్లకు కావలసిన తాళ్లు, వలలు, బెండ్లు, రంగులు అమ్మే దుకాణం నడుపుతున్నారు. అది భాగస్వామ్య సంస్థ. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు పరిమితి పెంచమని అడిగితే, 2023-24 సంవత్సరానికి స్థూల లాభ శాతం, నికర లాభ శాతం రాసి ఇమ్మన్నారు. పద్దులు రాసే ఆయన ఊళ్లో లేరు. మా దగ్గర ఉన్నది ఆయన వాట్సాప్‌లో పంపిన లాభనష్టాల ఖాతా ఫోటో ఒక్కటే. అందులో పైన ట్రేడింగ్ ఖాతా, కింద లాభనష్టాల ఖాతా ఉన్నాయి. కాగితం కొంచెం వంగి ఉంది, పై ఖాతాలో స్థూల లాభం అంకె మీద ఫ్లాష్ వెలుగు పడి తెల్లగా మెరుస్తోంది.

ఫోన్‌లో ఫోటో నుంచి అక్షరాలు తీసే సదుపాయంతో అంకెలు తీసి ఎక్సెల్‌లో పెట్టాను. పై ఖాతా ఇలా వచ్చింది.

ఎడమ వైపు:
ప్రారంభ సరుకు 13,46,300
కొనుగోళ్లు, వాపసులు పోను 1,30,60,000
లారీ కిరాయి, హమాలీ 3,84,700

కుడి వైపు:
అమ్మకాలు, వాపసులు పోను 1,68,00,000
ముగింపు సరుకు 21,63,000
మొత్తం 1,89,63,000

మొత్తం నుంచి ఎడమ వైపు ఖర్చులు తీసేస్తే స్థూల లాభం 41,72,000 వచ్చింది, అంటే అమ్మకాల మీద 24.83 శాతం. బావగారు మాత్రం కింది ఖాతాలో స్పష్టంగా కనబడుతున్న 36,72,000ను పై ఖాతా మొత్తంతో భాగించి 19.36 అంటున్నారు. ఆయన భాగస్వామి ఇద్దరినీ కాదని, "మనం ఎప్పుడూ 28 శాతం వేసుకునే అమ్ముతాం" అంటున్నారు. కింది ఖాతాలో రెండు వైపులా కూడికే కలవడం లేదు కాబట్టి నికర లాభం జోలికి ఇంకా వెళ్లలేదు. ఈ మూడింటిలో ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరా?

గోదాము గుమాస్తా

మీ బావగారి లెక్కే సరైనదని నా అభిప్రాయం. ట్రేడింగ్ ఖాతా మొత్తమంటే ఆ సంవత్సరం వ్యాపారం మొత్తం కదా, లాభాన్ని దానితోనే భాగించాలి. పైగా ఖాతాదారులకు సరుకు చేరవేసిన రవాణా ఖర్చును మీరు పై ఖాతాలో వేసినట్టు కనబడడం లేదు. రవాణా ఎటు జరిగినా సరుకు మీద పెట్టిన ఖర్చే కాబట్టి దానిని కూడా పై ఖాతాలోకి తీసుకుని లెక్కించండి.

డాబాగార్డెన్స్ పద్దులు

ముప్పై ఏళ్లుగా ఇలాంటి పద్దులే చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. శాతాల సంగతి తరువాత చూద్దాం, ముందు అంకెలు నిజమా కాదా తేల్చుకోవాలి. మీ అంకెల్లో ఒకటి తప్పు చదివారు, ఆ విషయం ఫోటో చూడకుండానే చెప్పవచ్చు.

పై ఖాతాలో తేలిన స్థూల లాభమే కింది ఖాతా కుడి వైపు మొదటి పద్దుగా దిగుతుంది. ఒకే అంకెను రెండుసార్లు అచ్చు వేస్తారు కాబట్టి వెలుగు పడి ఒకచోట పోయినా రెండోచోట దొరుకుతుంది. అక్కడ 36,72,000 ఉంది, మీరు తీసివేసి తెచ్చుకున్నది 41,72,000. తేడా సరిగ్గా 5,00,000. తేడాలో ఒక్క అంకె ఉండి దాని తరువాత అన్నీ సున్నాలైతే, చాలావరకు ఏదో ఒక పద్దులో, ఆ స్థానంలో, ఒక్క అంకెను తప్పు చదివినట్టే. ఇక్కడ అది లక్షల స్థానం, తేడా 5. అచ్చులో 3కూ 8కీ మధ్య తేడా సరిగ్గా 5, ఫోటోల్లో తరచూ తారుమారయ్యే జంట కూడా అదే.

ఇప్పుడు అది ఏ పద్దో చూద్దాం. అమ్మకాలు 1,68,00,000, ముగింపు సరుకు 21,63,000 కలిపితే అచ్చులో ఉన్న మొత్తం 1,89,63,000 వస్తోంది, అందుచేత కుడి వైపు అనుమానం లేదు. ఎడమ వైపు మూడు పద్దుల్లో కొనుగోళ్లకు లోపలి వరుసలో మొదటి మొత్తం, వాపసులు విడివిడిగా ఉండాలి. ఆ రెండూ చూసి తీసివేయండి. 1,30,60,000 వస్తే అది కూడా నిర్దోషి. మిగిలేవి రెండే. ప్రారంభ సరుకు 18,46,300 అయినా కావాలి, లారీ కిరాయి 8,84,700 అయినా కావాలి. రెండింటిలో ఏది మార్చినా ఖాతా కలిసిపోతుంది. ఇక్కడే చాలామంది తొందరపడి తమకు తోచినది దిద్దేస్తారు.

నిరుటి ఆస్తి అప్పుల పట్టీ ఇంట్లో ఉంటుంది కదా. 2023 మార్చి 31న చూపిన ముగింపు సరుకే ఈ సంవత్సరం ప్రారంభ సరుకు. ఆ అంకె చూసి చెప్పండి.

రేవు వీధి

నమస్కారమండీ. నిరుటి పట్టీ దొరికింది. ముగింపు సరుకు 18,46,300 అని ఉంది. ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూస్తే 8కి ఎడమ వైపు గీతలు పలచబడి 3లా కనబడుతోంది. కొనుగోళ్ల లోపలి వరుసలో 1,32,75,400, వాపసులు 2,15,400 ఉన్నాయి, తీసివేత కూడా కలిసింది. ఇప్పుడు ఎడమ వైపు ఖర్చులు 1,52,91,000, స్థూల లాభం 36,72,000. నా 24.83 శాతం పూర్తిగా తప్పని ఒప్పుకుంటున్నాను. ఇక బావగారి 19.36కూ, భాగస్వామి గారి 28కీ మధ్య తీర్పు ఎటు?

డాబాగార్డెన్స్ పద్దులు

రెండూ కావు. గోదాము గుమాస్తా గారు చెప్పిన మాట మీద ఇక్కడ ఆగాలి. ట్రేడింగ్ ఖాతా మొత్తం వ్యాపారం మొత్తం కాదు. అందులో అమ్ముడుపోని సరుకు 21,63,000 కలిసి ఉంది. రెండు వైపులా సమానంగా చూపడం కోసం వచ్చిన మొత్తం అది, దానికి వేరే అర్థం లేదు. గోదాములో సరుకు ఎంత ఎక్కువ మిగిలితే ఆ మొత్తం అంత పెరుగుతుంది, దానితో భాగిస్తే లాభ శాతం కారణం లేకుండా తగ్గినట్టు కనబడుతుంది. మీ బావగారి దుకాణానికి ఈ పొరపాటు మరీ పెద్దదవుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కాబట్టి, బోట్లు ఒడ్డున ఉండి మరమ్మతులు చేయించుకునే ఆ కాలానికి ముందే తాళ్లు, రంగులు తెచ్చి నింపుకుంటారు. మార్చి 31న గోదాము నిండుగా ఉండడం అందువల్లనే.

భాగించవలసినది వాపసులు పోగా మిగిలిన అమ్మకాలతో. 36,72,000ను 1,68,00,000తో భాగిస్తే 21.86 శాతం. వాపసులు తీయని మొత్తం అమ్మకాలతో భాగిస్తే శాతం ఇంకా తగ్గి వస్తుంది, అదీ సరికాదు, ఎందుకంటే తిరిగి వచ్చిన సరుకు అమ్మకం కాలేదు.

భాగస్వామి గారు చెప్పిన 28 అబద్ధం కాదు, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. ఆయన కొన్న ధర మీద ఎంత వేసుకుంటున్నారో చెబుతున్నారు. అమ్మిన సరుకు ఖరీదు 1,31,28,000. దాని మీద 36,72,000 అంటే 27.97 శాతం. వంద రూపాయల తాడును 128కి అమ్మితే 28 రూపాయలు లాభం, కానీ చేతికి వచ్చిన 128లో అది 21.88 మాత్రమే. ఆయన అనుభవం, ఈ పద్దు ఒకదానినొకటి బలపరుస్తున్నాయి. నిజానికి నాకు ఈ కాగితం మీద నమ్మకం పెరిగింది అందువల్లనే. దుకాణంలో కూర్చునే మనిషి 28 అంటూ ఉంటే పద్దులో 15 వచ్చి ఉంటే, సరుకు లెక్కలో ఏదో పోయిందని అనుమానించి ఉండేవాణ్ణి.

గోదాము గుమాస్తా

మొత్తంతో భాగించడం గురించి మీరు చెప్పినది అర్థమైంది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే రవాణా గురించి మాత్రం నేను ఒప్పుకోలేను. మా అనకాపల్లి దుకాణంలో ట్యాలీలో రవాణా ఖర్చులన్నీ ప్రత్యక్ష ఖర్చుల గుంపులోనే వేస్తాం. ఇన్నేళ్లలో ఎవరూ తప్పు పట్టలేదు.

డాబాగార్డెన్స్ పద్దులు

ఎవరూ తప్పు పట్టకపోవడానికి కారణం ఉంది. ఏ గుంపులో వేసినా నికర లాభం మారదు, చాలామంది చివరి అంకె మాత్రమే చూస్తారు. సరుకు దుకాణానికి చేరడానికి అయిన కిరాయి సరుకు ఖరీదులో భాగం, కాబట్టి పై ఖాతాలో ఉండాలి. అమ్మిన తరువాత ఖాతాదారు బోటు దగ్గరికి చేర్చిన కిరాయి అమ్మకపు ఖర్చు, అది కింది ఖాతాకు చెందుతుంది. రేవు వీధి గారి కాగితంలో ఆ రెండో రవాణా కింది ఖాతాలో ఎంత ఉందో చూడాలి. దానిని పైకి మారిస్తే ఈ దుకాణం స్థూల లాభ శాతం ఒకటిన్నర వరకు తగ్గినా ఆశ్చర్యం లేదు. ఏటా ఒకే పద్ధతిలో వేస్తే మీ దుకాణాన్ని మీ దుకాణంతో పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు. మరొక దుకాణంతో పోల్చినప్పుడే చిక్కు.

మద్దిలపాలెం మీట

నాకు పద్దులు పెద్దగా తెలియవు, ఫోటో నుంచి అంకెలు తీసే పని మాత్రం రోజూ చేస్తాను. రెండు వైపులా ఉండే ఇలాంటి ఖాతాను మొత్తంగా ఇస్తే యంత్రం ఎడమ వైపు వరుసను, కుడి వైపు వరుసను ఒకే వాక్యంలా కలిపి చదువుతుంది. అప్పుడు జీతాల పక్కన స్థూల లాభం అంకె వచ్చి కూర్చుంటుంది. అందుచేత ఫోటోను మధ్యకు చీల్చి, రెట్టింపు పెద్దది చేసి, విడివిడిగా చదివించాలి. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను కుదించి నాణ్యత తగ్గిస్తుంది. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపమని మీ పద్దుల ఆయనకు చెప్పండి, సగం తప్పులు అక్కడే పోతాయి. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగులో తీయమనండి. చీల్చి పెద్దది చేసే పనికి ఈ పైథాన్ కోడు సరిపోతుంది.

```
from PIL import Image
im = Image.open("pl.jpg").convert("L")
w, h = im.size
im.crop((0, 0, w//2, h)).resize((w//2*2, h*2)).save("left.png")
im.crop((w//2, 0, w, h)).resize(((w-w//2)*2, h*2)).save("right.png")
```

తరువాత ఫోటోలో అక్షరాలు చదివే టెసరాక్ట్ ప్రోగ్రాముకు టెర్మినల్‌లో ఈ రెండు ఆదేశాలు ఇవ్వండి. చివరి అంకె 6 అంటే పేజీని నిలువు వరుసలుగా విడగొట్టకుండా ఒకే దిమ్మెగా చదవమని అర్థం.

```
tesseract left.png left -l eng --psm 6
tesseract right.png right -l eng --psm 6
```

మధ్య గీత సరిగ్గా ఫోటో నడుమ లేకపోతే `w//2` బదులు గీత ఉన్న చోటు అంకెను ఇవ్వాలి, లేకపోతే ఎడమ వైపు అంకెల చివరి సున్నాలు తెగిపోతాయి.

రేవు వీధి

మద్దిలపాలెం మీట గారికి ధన్యవాదాలు. చీల్చి చదివిస్తే కింది ఖాతా కూడా చక్కగా వచ్చింది. ఎడమ వైపు వచ్చిన అంకెలు ఇవి.

జీతాలు 9,36,000
దుకాణం, గోదాము అద్దె 4,20,000
కరెంటు, ఫోను 1,08,600
ఖాతాదారులకు చేరవేసిన రవాణా 2,47,400
బ్యాంకు వడ్డీ, చార్జీలు 3.12,500
తరుగుదల 1,46,000
ఇతర ఖర్చులు 93,500
రాని బాకీల రద్దు 1,84,000
భాగస్వాముల పెట్టుబడిపై వడ్డీ 2,40,000
భాగస్వాముల జీతం 6,00,000
నికర లాభం 4,72,000

కుడి వైపు స్థూల లాభం 36,72,000, వచ్చిన డిస్కౌంటు 62,000, డిపాజిట్ వడ్డీ 26,000, మొత్తం 37,60,000. ఎడమ వైపు మొత్తం కూడా కాగితంలో 37,60,000 అనే ఉంది. కానీ ఎక్సెల్ కూడిక 34,47,500 చూపుతోంది. ఈసారి తేడా 3,12,500, అందులో సున్నాలు రెండే ఉన్నాయి. మీరు చెప్పిన ఒక్క అంకె సూత్రం ఇక్కడ పని చేయడం లేదు.

మద్దిలపాలెం మీట

మీ జాబితాలోనే జవాబు ఉంది. బ్యాంకు వడ్డీ దగ్గర మూడు తరువాత కామా బదులు చుక్క వచ్చింది చూడండి. అలా ఉంటే ఎక్సెల్ దానిని అంకెగా కాకుండా అక్షరాలుగా తీసుకుంటుంది. `SUM` అక్షరాలున్న గడిని ఏ హెచ్చరికా ఇవ్వకుండా వదిలేసి మిగిలినవి కూడుతుంది. ఆ గడిలో అంకె కుడికి కాకుండా ఎడమకు అతుక్కుని ఉంటుంది, చూసి పోల్చుకోండి. తేడా సరిగ్గా ఒక పద్దు మొత్తానికి సమానమైతే ఆ పద్దు కూడికలోకి రాలేదని నేను ముందుగా అనుకుంటాను.

పూర్ణా మార్కెట్ సత్యం

మా నాన్నగారు నేర్పిన మరొక గుర్తు కూడా ఉంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయని అర్థం. అద్దె 4,20,000ను 4,02,000 అని రాస్తే తేడా 18,000, అది తొమ్మిదితో పోతుంది. నేను ఏ పద్దు కలవకపోయినా ముందు తొమ్మిదితోనే భాగించి చూస్తాను.

డాబాగార్డెన్స్ పద్దులు

సత్యం గారు చెప్పినది చేత్తో రాసేటప్పుడు, చూసి టైపు చేసేటప్పుడు జరిగే తప్పుకు బాగా పనికివస్తుంది. ఫోటో చదివే యంత్రం ఆకారాన్ని పొరబడుతుందే గాని వరుసను తారుమారు చేయడం అరుదు, కాబట్టి ఇక్కడ దానికి రెండో స్థానమే ఇస్తాను. పైగా 9,000 తేడా ఒక్క సున్నాను తొమ్మిదిగా చదివినా వస్తుంది, అదీ తొమ్మిదితో పోతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రెండు వైపులా కలిసినంత మాత్రాన అన్నీ సరిగ్గా చదివినట్టు కాదు. ఒకే వైపు ఒక పద్దులో 5,000 తగ్గి, మరొక పద్దులో 5,000 పెరిగితే కూడిక ఏమీ పట్టుకోలేదు. అందుచేత కూడిక కలిసిన తరువాత కూడా పెద్ద పద్దులు మూడు నాలుగింటిని కాగితంతో కళ్లారా పోల్చుకోవాలి. రేవు వీధి గారి ఖాతాలో అమ్మకాలు, కొనుగోళ్లు, రెండు సరుకులు, జీతాలు చూస్తే చాలు. అమ్మకాలను ఆ సంవత్సరం జీఎస్టీ రిటర్నుల్లో చూపిన పన్ను పడే విలువతో కూడా సరిచూడండి. పన్ను అమ్మకంలో కలిసిపోయి ఉంటే శాతాలన్నీ తప్పుగా వస్తాయి.

పరవాడ షిఫ్టు

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి, నాది కూడా ఇలాంటి ప్రశ్నే. మా చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ లాభనష్టాల పట్టిక ఫోటోలో అసలు స్థూల లాభం అన్న వరుసే లేదు. పేజీ కోసుకుపోయి ఉంటుందా? వ్యాపారం ద్వారా ఆదాయం 842.60, వాడిన ముడిసరుకు 511.30, నిల్వల్లో మార్పు 24.80 అని ఉన్నాయి. మొత్తం ఖర్చులు కూడితే కాగితంలో ఉన్నదానికంటే 49.60 ఎక్కువ వస్తోంది.

డాబాగార్డెన్స్ పద్దులు

పేజీ ఎక్కడికీ పోలేదు. 2013 కంపెనీల చట్టం 3వ షెడ్యూలు నమూనాలో స్థూల లాభం వరుస ఉండదు, ఖర్చులను స్వభావాన్ని బట్టి చూపుతారు. మీ తేడా 49.60 అంటే 24.80కి సరిగ్గా రెట్టింపు. తేడా ఒక పద్దుకు రెట్టింపైతే ఆ పద్దు గుర్తు మారిందన్నమాట, తీసివేయవలసినదాన్ని మీరు కూడారు. కాగితంలో ఆ అంకె చుట్టూ కుండలీకరణాలు ఉండి ఉంటాయి, యంత్రం వాటిని వదిలేసింది. నిల్వ పెరిగిందని, ఆ మేరకు ఖర్చు తగ్గించాలని ఆ గుర్తుకు అర్థం.

సరిచేస్తే సరుకు ఖర్చు 486.50, మిగులు 356.10, ఆదాయం మీద 42.26 శాతం. కూడి ఉంటే 36.38 వచ్చి ఉండేది. పేజీ పైన అంకెలు లక్షల్లో అని రాసి ఉంటుంది, ఫోటోలో ఆ వరుస తెగిపోతుంది. శాతానికి దానితో పని లేదు గాని రూపాయల్లో రాసేటప్పుడు మాత్రం చూసుకోండి. ఈ 42.26ను రేవు వీధి గారి 21.86 పక్కన పెట్టి పోల్చకండి. మీ కార్మికుల జీతాలు, ప్లాంటు కరెంటు వేరే వరుసల్లో ఉన్నాయి, ఇందులో చేరలేదు.

పరవాడ షిఫ్టు

కుండలీకరణాలు ఉన్నాయండీ, ఇప్పుడు చూశాను. అయితే ప్లాంటు జీతాలు కలిపే స్థూల లాభం తేల్చాలని మా డైరెక్టరు అంటున్నారు. పట్టికలో జీతాలన్నీ ఒకే అంకెగా ఉన్నాయి, ఆఫీసువి, ప్లాంటువి విడదీసి లేవు. ఎలా కలపాలి?

డాబాగార్డెన్స్ పద్దులు

పట్టిక ఫోటో నుంచి అది తేలదు. జీతాల లెడ్జరు తెరవవలసిందే. దీనికి వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది.

రేవు వీధి

చుక్కను కామా చేశాక కూడిక 37,60,000కు కలిసింది. నికర లాభం 4,72,000, అమ్మకాల మీద 2.81 శాతం. చేరవేత రవాణా 2,47,400ను పైకి మార్చి కూడా చూశాను, స్థూల లాభం 20.38 అయింది, గోదాము గుమాస్తా గారి కోసం చెబుతున్నాను. కానీ 2.81 చూసి బావగారు బాధపడ్డారు. ఇంత కష్టపడితే వందకు మూడు రూపాయలైనా మిగలడం లేదా అంటున్నారు.

పూర్ణా మార్కెట్ సత్యం

భాగస్వాముల జీతం, పెట్టుబడిపై వడ్డీ కలిపి 8,40,000 వాళ్లిద్దరి చేతికే వెళ్లింది కదా. దాన్ని కూడా కలిపి చూడమనండి. 13,12,000 అవుతుంది, 7.81 శాతం. బ్యాంకుకు ఈ అంకే రాయండి.

గోదాము గుమాస్తా

ఈ సలహా ప్రమాదకరం. కాగితంలో నికర లాభం 4,72,000 అని ఉంటే బ్యాంకుకు 7.81 రాయడం ఎలా కుదురుతుంది? రేపు కాగితం పక్కన పెట్టి చూస్తే సంతకం చేసినవాళ్లే ఇరుకున పడతారు.

డాబాగార్డెన్స్ పద్దులు

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. సొంత యజమాని నడిపే దుకాణంలో యజమాని జీతం ఖర్చుగా పడదు కాబట్టి, అలాంటి దుకాణంతో పోల్చాలంటే 7.81 తీసుకోవాలి. కంపెనీతో పోల్చాలంటే 2.81 ఎక్కువ దగ్గరగా ఉంటుంది. నేనైతే నికర లాభం గడిలో 2.81 రాసి, దాని కిందనే భాగస్వాముల జీతం, వడ్డీకి ముందు 7.81 అని మరొక వరుస చేరుస్తాను. ఈ కాగితంలో ఆదాయపు పన్ను వరుస కనబడడం లేదు, కాబట్టి రెండూ పన్నుకు ముందరి అంకెలే. లెక్కల లాభమే పన్ను పడే ఆదాయమని అనుకుంటే, సంస్థకు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు పోగా 3,24,736 మిగులుతుంది, అది 1.93 శాతం. పన్ను ఆదాయం వేరుగా తేలుతుంది కాబట్టి ఈ చివరి అంకెను మాత్రం బ్యాంకుకు రాయకండి.

రాని బాకీలు 1,84,000 ఏమిటో కూడా బావగారిని అడగండి. అది ఏటా ఉండే ఖర్చా, ఈ ఒక్క ఏడాదిదా?

రేవు వీధి

అడిగాను. 2023 నవంబరులో హార్బరులో జరిగిన అగ్నిప్రమాదంలో బోట్లు కాలిపోయినవారిలో ముగ్గురు మా ఖాతాదారులట. వాళ్లను బాకీ అడగడానికి బావగారికి మనసొప్పలేదు, అందుకే రద్దు చేశారు. అది లేకపోతే నికర లాభం 6,56,000, అంటే 3.90 శాతం ఉండేది. దీన్ని కూడా మూడో వరుసగా రాయవచ్చా?

పూర్ణా మార్కెట్ సత్యం

తప్పక రాయండి. అలాంటి ఖర్చు మళ్లీ రాదు.

డాబాగార్డెన్స్ పద్దులు

వరుసగా కాకుండా వివరణగా రాయండి. సముద్రం మీద బతికేవారికి అప్పు ఇచ్చే దుకాణంలో ఏదో ఒక రూపంలో బాకీ పోవడం మామూలే, బ్యాంకువారికీ ఆ సంగతి తెలుసు. ఇక్కడ నా అభిప్రాయమే సరైనదని పట్టుబట్టను.

నాకు దానికంటే ముగింపు సరుకు మీదనే ఎక్కువ అనుమానం ఉంది. 21,63,000 ఎవరు ఎలా లెక్కించారు? ఈ అంకె దుకాణంవారు చెప్పినదే, బిల్లు ఉండదు. దీనిలో ఒక లక్ష ఎక్కువ తక్కువైతే స్థూల లాభ శాతం 0.60 మేర కదులుతుంది. నికర లాభంలోనూ అదే లక్ష పోతుంది, అంటే 4,72,000లో అయిదో వంతుకు పైగా. ఉప్పు గాలికి బిగుసుకుపోయిన పాత తాళ్లు, గడువు తీరిన రంగు డబ్బాలు కొన్న ధరకే సరుకులో కలిసి ఉంటే ఆ మేరకు లాభం లేనిది ఉన్నట్టు కనబడుతోంది. అమ్మితే ఎంత వస్తుందో ఆ ధర కొన్నదానికంటే తక్కువైతే, ఆ తక్కువ ధరకే సరుకును చూపాలి.

రేవు వీధి

గోదాము వెనక గదిలో పాత వలలు ఉన్న మాట నిజమే. బావగారు అవి ఎప్పటికైనా అమ్ముడుపోతాయంటున్నారు, ఆయన భాగస్వామి నవ్వుతున్నారు. ఆదివారం నాడు ముగ్గురం కలిసి కట్టలు విప్పి లెక్క చూస్తాం. బ్యాంకు కాగితంలో ప్రస్తుతానికి 21.86, 2.81 పెన్సిల్‌తో రాసి పెట్టాను.